డ్యూటీ లిస్టులో నైట్లు ముందు, మిగతావి తరువాత

ప్రశ్న: మాది చిన్న పట్టణంలో 30 పడకల ప్రైవేటు ఆసుపత్రి. నేను ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని. నేను కాక 10 మంది స్టాఫ్ నర్సులు ఉన్నారు. మార్నింగ్ 8 నుంచి 2, ఈవినింగ్ 2 నుంచి 8, నైట్ రాత్రి 8 నుంచి ఉదయం 8. మార్నింగ్‌కు ముగ్గురు, ఈవినింగ్‌కు ఇద్దరు, నైట్‌కు ఇద్దరు కావాలి. పదిమందిలో నలుగురు నైట్లు చేయరు. ఒకరికి ఏడో నెల, ఒకరికి ఎనిమిది నెలల పాప, ఒకరికి 52 ఏళ్ళు, షుగర్ ఉంది, ఇంకొకరికి ఇంట్లో ఒప్పుకోరు. మిగిలిన ఆరుగురూ హాస్టల్‌లో ఉండే పెళ్ళికాని పిల్లలు. నెలకు పదేసి నైట్లు వాళ్ళే చేస్తున్నారు. ఏడు నైట్లు వరుసగా, తరువాత ఒక ఆఫ్. వాళ్ళలో ముగ్గురు ఈ ఏడాదే చేరారు. ఇద్దరు మానేస్తామంటున్నారు. లిస్టు పెట్టిన ప్రతిసారీ గొడవే. అందరికీ న్యాయంగా నెల లిస్టు ఎలా వేయాలి?

సమాధానం: సిస్టర్ గారూ, ముందు పేర్లు పక్కన పెట్టి లెక్క వేద్దాం. లిస్టు కాగితం తీసుకుని మొదటి గడిలోనే ఒకరి పేరు రాయడంతో సగం గొడవ మొదలవుతుంది.

మీకు రోజుకు ఏడు డ్యూటీలు కావాలి. 30 రోజుల నెలకు 210. అందులో నైట్లు 60, పగటి డ్యూటీలు 150. గంటల్లో చూస్తే రోజుకు మార్నింగ్ 18, ఈవినింగ్ 12, నైట్ 24, మొత్తం 54 గంటలు. నెలకు 1,620 గంటలు. పదిమందికి పంచితే మనిషికి 162, అంటే వారానికి 38 గంటలకు కాస్త తక్కువ. ఈ అంకె మీకు శుభవార్త. వారానికి 48 గంటలు దాటి ఉంటే ఎంత తెలివిగా గీసినా లిస్టు నిలిచేది కాదు, మనుషుల్ని పెంచమని యాజమాన్యాన్ని అడగడం ఒక్కటే దారి అయ్యేది. మీ దగ్గర ఈ రోజుకు మనుషులు సరిపోతారు. చిక్కంతా 60 నైట్లు ఆరుగురి మీదే పడటంలో ఉంది.

కాబట్టి మొదట తేలవలసింది నైట్లు ఎవరెవరు పంచుకోవాలన్నది. నలుగురికి ఇచ్చిన మినహాయింపులు నాలుగు రకాలవి. మీరు నాలుగింటినీ ఒకే గాటన కట్టారు.

ఏడో నెల సిస్టర్‌కు మినహాయింపు ఇవ్వాల్సిందే, అందులో చర్చ లేదు. పాప ఉన్న సిస్టర్‌కూ ఇవ్వండి, కాని తేదీ వేసి ఇవ్వండి. పాలిచ్చే తల్లికి బిడ్డ 15 నెలలు నిండేవరకు డ్యూటీలో రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని చట్టం చెబుతోంది. మీ ఆసుపత్రి నియమాన్ని కూడా అక్కడికే కట్టేయండి. పాపకు 15 నెలలు నిండిన మరుసటి నెల నుంచి ఆమె నైట్ల వరుసలోకి వస్తుందని ఇప్పుడే రాసి పెట్టండి. తేదీ లేని మినహాయింపు ఏళ్ళ తరబడి సాగుతుంది. తరువాత దాన్ని తీసేసే ఇన్‌ఛార్జ్ అందరికీ చెడ్డదవుతుంది.

52 ఏళ్ళ సిస్టర్ విషయం మీరూ నేనూ తేల్చేది కాదు. షుగర్ ఉన్నంత మాత్రాన నైట్లు పూర్తిగా మానేయాలని లేదు. ఇన్సులిన్ మీద ఉన్నారా, రాత్రిళ్ళు షుగర్ పడిపోతోందా, భోజనం వేళ తప్పితే ఏమవుతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీ ఫిజీషియన్ చేత చూపించి, ఆయన అభిప్రాయం కాగితం మీద తీసుకోండి. వద్దంటే వద్దు. పరిమితంగా చేయవచ్చంటే రెండేసి నైట్లు, నెలకు రెండుసార్లు, మధ్యలో పది రోజులకు తగ్గని ఎడం ఇచ్చి వేయండి. ఆమె అనుభవం నైట్లలో చాలా అవసరం కూడా. కింద లెక్కలో ఆమెకు నాలుగు నైట్లు చేయగల ఆరోగ్యం ఉందనే అనుకుంటున్నాను.

ఇక ‘ఇంట్లో ఒప్పుకోరు’. ఇది నేను చాలా ఆసుపత్రుల్లో విన్నాను. అత్తగారు, భర్త, పిల్లల బడి, ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, కాదనను. కాని హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు మాత్రం సంతోషంగా ఒప్పుకున్నారా? వాళ్ళను ఎవరూ అడగలేదు, అంతే. ఈ సిస్టర్‌ను వరుసలోకి తీసుకోండి. ఒక నెల ముందుగా చెప్పండి. మొదటి రెండు నెలలు తన నైట్ల తేదీలను అందరికన్నా ముందు ఆమెనే ఎంచుకోనివ్వండి. భర్త ఇంట్లో ఉండే రోజులు చూసుకుంటారు. సంఖ్యలో మాత్రం తగ్గించకండి.

ఇప్పుడు లెక్క తేలికగా వస్తుంది. పెద్ద సిస్టర్‌కు 4 నైట్లు. మిగిలిన 56ను ఏడుగురికి పంచితే తలా 8. హాస్టల్ పిల్లలకు పది నుంచి ఎనిమిదికి దిగింది. రెండు నైట్లేనా తగ్గింది అని మీకు అనిపించవచ్చు. అసలు మార్పు సంఖ్యలో కన్నా ఆ నైట్లను విడగొట్టడంలో వస్తుంది.

12 గంటల నైట్లు ఏడు వరుసగా వేయకూడదు. మూడు దాటితే పగటి నిద్ర బాకీ పెరిగిపోతుంది. నాలుగో నైట్‌లో తెల్లవారుజామున మూడు, అయిదు గంటల మధ్య డ్రిప్ వేగం చూసే కళ్ళు కూడా మూసుకుపోతుంటాయి. బ్రిటన్‌లో పని భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ కూడా దీర్ఘ నైట్ షిఫ్టులను వరుసగా రెండు మూడింటికే పరిమితం చేయమని, ఆ తరువాత కనీసం రెండు రాత్రుల పూర్తి నిద్ర ఉండాలని చెబుతుంది. నర్సింగ్ సిబ్బంది గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో చేసిన సిఫారసు ప్రకారం రెండు డ్యూటీల మధ్య కనీసం 12 గంటల విరామం ఉండాలి. ఈ రెండింటినీ గుర్తు పెట్టుకుంటే చాలు, మిగతా నియమాలు వాటంతట అవే వస్తాయి.

మీ వేళలకు వాటిని అన్వయించి చూడండి. ఈవినింగ్ రాత్రి 8కి దిగి మరునాడు ఉదయం 8కి మార్నింగ్‌కు రావడానికి సరిగ్గా 12 గంటలు, అది చెల్లుతుంది. మార్నింగ్ చేసి మధ్యాహ్నం 2కి దిగి అదే రోజు రాత్రి 8కి నైట్ ఎక్కడానికి ఆరు గంటలే. నైట్ దిగి అదే రోజు మధ్యాహ్నం ఈవినింగ్‌కు రావడానికీ ఆరు గంటలే. ఈ రెండూ ఎంత ఇబ్బంది వచ్చినా లిస్టులో రాయకూడనివి. ‘ఈ ఒక్కరోజే సిస్టర్’ అని రెండోదాన్ని చాలా చోట్ల చేయిస్తారు.

ఇంకొకటి, నైట్ దిగిన రోజును ఆఫ్‌గా లెక్కపెట్టడం. చాలా లిస్టుల్లో జరిగే దోపిడీ ఇది. మీరు రాసిన ‘ఏడు నైట్లు, ఒక ఆఫ్’లో ఆ ఆఫ్ ఆరోజు ఉదయం 8 దాకా పనిచేసిన రోజే అయి ఉంటుందని నా అనుమానం. ఆ రోజు నిద్రకు పోతుంది. దాన్ని ‘నైట్ ఆఫ్’ అని వేరుగా రాయండి. వీక్లీ ఆఫ్ దాని మరుసటి రోజు మొదలవుతుంది. ఒకటి, రెండు, మూడు తేదీల్లో నైట్ చేసిన సిస్టర్ నాలుగున ఉదయం దిగుతుంది. నాలుగు నైట్ ఆఫ్, అయిదు వీక్లీ ఆఫ్, ఆరున మార్నింగ్. దిగిన దగ్గరి నుంచి ఎక్కే దాకా 48 గంటలు, మధ్యలో రెండు రాత్రుల నిద్ర. నైట్లకు ముందు రోజుల్లో ఈవినింగ్ వేయండి, ఆఫ్ తరువాత మార్నింగ్‌తో మొదలుపెట్టండి. నిద్రవేళను వెనక్కి లాగడం కన్నా ముందుకు జరపడం శరీరానికి సులువు. అందుకని మార్నింగ్, ఈవినింగ్, నైట్ అన్న క్రమం నప్పుతుంది, తలకిందులు క్రమం నప్పదు.

ఇక గీత గీద్దాం. ఏడుగురికి తలా 8 నైట్లు అంటే 3, 3, 2గా మూడు విడతలు. పెద్ద సిస్టర్‌కు 2, 2. మొత్తం మూడేసి నైట్ల విడతలు 14, రెండేసివి 9. రాత్రికి ఇద్దరు కావాలి కాబట్టి రెండు వరుసలు. మొదటి వరుసలో పది మూడులు పెడితే 30 రాత్రులు నిండుతాయి. రెండో వరుసలో తొమ్మిది రెండులు, నాలుగు మూడులు పెడితే అదీ 30. ఏడుగురికి క, గ, చ, జ, ట, డ, త అని, పెద్ద సిస్టర్‌కు ‘పె’ అని గుర్తులు పెట్టాను. మీ నెల నైట్ల పట్టిక ఇలా వస్తుంది.

```
మొదటి వరుస
1-3 క    4-6 గ    7-9 చ    10-12 జ   13-15 ట
16-18 డ  19-21 త  22-24 క  25-27 గ   28-30 చ

రెండో వరుస
1-2 పె   3-4 జ    5-6 ట    7-8 డ     9-10 త
11-12 క  13-14 గ  15-16 పె 17-18 చ
19-21 జ  22-24 ట  25-27 డ  28-30 త
```

ఒక్కొక్కరిని వేలు పెట్టి వెతికి చూడండి. ‘క’కు 1-3, 11-12, 22-24. ‘ట’కు 5-6, 13-15, 22-24. ఎవరికీ మూడుకు మించి వరుస లేదు. ఒక విడతకూ మరో విడతకూ మధ్య అందరికన్నా తక్కువ ఎడం ‘జ’కు వచ్చింది, నాలుగో తేదీ రాత్రి తరువాత మళ్ళీ పదిన. అయినా మధ్యలో అయిదు తేదీలున్నాయి, నైట్ ఆఫ్, వీక్లీ ఆఫ్ పోను మూడు రోజులు పగటి డ్యూటీ చేయవచ్చు.

ఈ పట్టికలో ఒక సౌకర్యం దాగి ఉంది. క, గ, చ ముగ్గురూ ఏ రాత్రీ ఒకరితో ఒకరు కలవరు. అందుకని మీ ముగ్గురు కొత్త పిల్లల పేర్లు ఆ గుర్తులకే వేయండి. ఇద్దరు కొత్తవాళ్ళు నైట్‌లో ఒంటరిగా పడటమన్నది ఎప్పటికీ రాదు. అర్ధరాత్రి ఊపిరాడని పేషెంటు వచ్చినప్పుడు, డాక్టరు క్వార్టర్స్ నుంచి వచ్చేలోపు ఏమి సిద్ధం చేయాలో తెలిసిన మనిషి ఒకరు అక్కడ ఉండాలి కదా. వచ్చే నెల క, గ, చ గుర్తుల్లో ఆ ముగ్గురినీ, మిగతా నాలుగు గుర్తుల్లో మిగతా నలుగురినీ ఒక్కో స్థానం వెనక్కి జరపండి, ‘గ’ చేసినామె ‘క’కు, ‘క’ చేసినామె ‘చ’కు వచ్చేలా. ముందుకు జరిపితే 28-30 చేసిన ‘చ’కు వెంటనే 1-3 పడతాయి. శని, ఆదివారాల రాత్రులు ప్రతి నెలా ఒకరికే తగలకుండా పోతాయి.

లోపమూ ఉంది. 7, 13 తేదీల్లోనూ, 19 నుంచి ప్రతిసారీ రెండు వరుసలూ ఒకే రోజు మారుతున్నాయి. 22న ఉదయం ‘త’, ‘జ’ ఇద్దరూ దిగిపోతారు, ఆ రాత్రి ఎక్కే ఇద్దరికీ వార్డులో రాత్రిపూట ఎవరు ఎలా ఉన్నారో తెలియదు. పైగా ఆ ఇద్దరి నైట్ ఆఫ్ ఒకే రోజు పడుతుంది. ఆ రోజు నైట్‌కు ఇద్దరు, నిద్రలో ఇద్దరు, పగటికి అయిదుగురు పోను మిగిలేది ఒక్కరే. సెలవు అడిగే రెండో మనిషికి చోటు లేదు. దీన్ని చాలావరకు తగ్గించే మందు చిన్నదే. రెండో నెల నుంచి రెండో వరుస మొత్తాన్ని ఒక రోజు తరువాతకు జరిపి 2వ తేదీతో మొదలుపెట్టండి. అప్పుడు ఒకే రోజు మారేవి 4, 10, 16 తేదీలే మిగులుతాయి. 1వ తేదీ రాత్రి పాత నెల చివరి విడతలో నాలుగో నైట్ కాకూడదు కాబట్టి, ఆ ఒక్క రాత్రిని మీరు చేయండి. అవును, మీరే. ఇన్‌ఛార్జ్ నెలకు ఒక నైట్ చేస్తే రాత్రి పదకొండు తరువాత మందుల అలమార తాళం ఎవరి దగ్గర ఉంటోందో, ల్యాబ్ వాళ్ళు ఫోన్ ఎత్తుతున్నారో లేదో స్వయంగా తెలుస్తుంది. లిస్టు మీద ఎవరూ నోరెత్తలేరు కూడా. అలా జరిపినప్పుడు ఆఖరి విడత 29, 30 తేదీలకు రెండు నైట్లుగా కుదించుకుపోతుంది. ఆ సిస్టర్‌కు ఆ నెల ఏడే వస్తాయి, ఖాతాలో ఒకటి బాకీ రాయండి. ఖాతా సంగతి తరువాత చెబుతాను.

నెల చివర దగ్గర చాలా మంది తడబడతారు. కాగితం 30తో అయిపోతుంది, మనిషి అలసట అయిపోదు. 28-30 నైట్లు చేసిన ‘చ’, ‘త’లకు కొత్త నెల 1 నైట్ ఆఫ్, 2 వీక్లీ ఆఫ్. కొత్త లిస్టు తెల్లకాగితం మీద మొదలుపెడితే వీళ్ళను 1న మార్నింగ్‌లో వేసేస్తారు. అందుకని ప్రతి కొత్త లిస్టుకు ఎడమ పక్కన పాత నెల చివరి మూడు రోజుల గడులు ఎత్తి రాసుకోండి, ఆ తరువాతే 1 మొదలుపెట్టండి.

నైట్లు, నైట్ ఆఫ్‌లు, వాటి వెంట వచ్చే వీక్లీ ఆఫ్‌లు నిండాక పగటి గడులు నింపడం పెద్ద పని కాదు. కాని అక్కడ ఒక అన్యాయం మెల్లగా దూరుతుంది. నైట్లు లేనివాళ్ళకు అన్నీ మార్నింగ్‌లే ఇవ్వడం, ఆదివారాలు కూడా వాళ్ళకే ఇవ్వడం. నైట్ లేకపోవడం ఒక సౌకర్యం. దాని మీద మరో సౌకర్యం చేర్చకండి. గంటల లెక్కలో 162 రావాలంటే నైట్ లేనివాళ్ళు 27 పగటి డ్యూటీలు చేయాలి. కాని నాలుగు వీక్లీ ఆఫ్‌లు ఎవరికైనా ఉండాలి కాబట్టి 26 దగ్గర ఆపండి. పెద్ద సిస్టర్‌కు 4 నైట్లతో పాటు 19 పగటి డ్యూటీలు. ఏడుగురిలో అయిదుగురికి 8 నైట్లు, 11 పగటి డ్యూటీలు, ఇద్దరికి 12. కూడితే 150 సరిపోతుంది. ఆ 12 వచ్చే ఇద్దరు నెలనెలా మారాలి.

పగటి డ్యూటీల్లో అయిదింట రెండు ఈవినింగ్‌లు కాబట్టి 26 చేసేవాళ్ళకు పది ఈవినింగ్‌లు న్యాయమైన వాటా. పాప ఉన్న సిస్టర్‌కు ఈవినింగ్ కష్టమైతే పది తప్పనిసరి అనను, కాని తగ్గించిన ప్రతి ఈవినింగ్‌కూ బదులుగా ఒక ఆదివారం మార్నింగ్ ఆమె తీసుకోవాలి. గర్భిణి సిస్టర్‌కు ఆరు గంటల డ్యూటీలే అయినా వరుసగా ఆరు రోజులు బరువే. ఆమె ఆఫ్‌లను, తీసుకునే సీఎల్‌లను పక్కపక్కన పడకుండా నెలంతా సమంగా విడదీసి వేయండి. ఆమెను బరువు ఎత్తే పనులున్న వార్డులో పెట్టకండి.

ఇప్పుడు ఖాతా. నెలలో ఎనిమిది అందరికీ సమానంగా ఇచ్చినా, ఆరు నెలలకు ఎవరో ఒకరు ‘పండగ రాత్రులన్నీ నాకే’ అంటారు, అది నిజమే అయి ఉంటుంది. ఒక పాత రిజిస్టరు తీసుకుని ఒక్కో సిస్టర్‌కు ఒక వరుస కేటాయించండి. నాలుగు గడులు చాలు: మొత్తం నైట్లు, శని ఆదివారాల నైట్లు, పండగ రోజుల నైట్లు, ఆఫ్‌లో ఉండగా పిలిస్తే వచ్చిన డ్యూటీలు. నెలాఖరున అంకెలు కలుపుకుంటూ వెళ్ళండి, ఏడాది దాకా తుడిచేయకండి. కొందరు మామూలు నైట్‌కు ఒక పాయింటు, ఆదివారానికి ఒకటిన్నర అని పాయింట్లు పెడతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. పండగ రాత్రి విలువ రెండా, మూడా అన్న కొత్త తగాదా మొదలవుతుంది. ఏ గడికి ఆ గడి విడిగా సమానం చేసుకోవడమే మేలు. ఏ గడిలోనైనా ఎక్కువ, తక్కువల మధ్య తేడా రెండు దాటితే వచ్చే లిస్టులో ముందుగా అదే సరిచేయండి.

ఖాతా గోడ మీద అందరికీ కనబడాలి. ఇన్‌ఛార్జ్ బల్ల సొరుగులో ఉన్న ఖాతాను ఎవరూ నమ్మరు.

పాత బాకీ ఎలా అంటారా? హాస్టల్ పిల్లలు ఇన్నాళ్ళు పదేసి చేశారు, నిజమే. దాన్నంతా వెనక్కి ఇవ్వాలంటే మిగతావాళ్ళు కొన్ని నెలలు పన్నెండేసి చేయాలి, అప్పుడు వాళ్ళు మానేస్తారు. ఖాతా సున్నా నుంచే మొదలుపెట్టండి. బదులుగా ఈ మొదటి ఏడాది పండగల ఎంపికలో హాస్టల్ పిల్లలకు మొదటి అవకాశం ఇవ్వండి. జనవరి రాకముందే ప్రతి సిస్టర్ చేత తనకు తప్పనిసరిగా కావలసిన రెండు పండగలు రాయించుకోండి. మన నర్సుల్లో క్రిస్మస్ జరుపుకొనేవాళ్ళు చాలా మంది ఉంటారు. సంక్రాంతి కావాలనేవాళ్ళు డిసెంబరు 24, 25 రాత్రులు తీసుకుంటే, క్రిస్మస్ జరుపుకొనేవాళ్ళు భోగి, కనుమ రాత్రులు తీసుకుంటారు. రంజాన్ ఉన్న సిస్టర్‌కు ఆ నెలంతా ఈవినింగ్‌లు తగ్గించి చూడండి, ఉపవాసం విడిచే వేళ ఈవినింగ్ డ్యూటీలోనే పడుతుంది. మీది తెలంగాణ పట్టణమైతే సద్దుల బతుకమ్మ రోజు ఈవినింగ్‌కు ఎవరూ దొరకరు, ఆ ఒక్క డ్యూటీని కూడా పండగ గడిలో రాయడం సబబు.

లిస్టు కంప్యూటర్‌లో వేస్తుంటే లెక్క పెట్టే పని దానికే వదిలేయండి. పేర్లు నిలువుగా 4వ వరుస నుంచి 13వ వరుస దాకా, తేదీలు అడ్డంగా `B` నుంచి `AE` దాకా ఉన్నాయనుకోండి. నైట్‌కు గడిలో ‘రా’ అని రాస్తే, మొదటిది మొదటి సిస్టర్ నెల నైట్లు చెబుతుంది, రెండోది 1వ తేదీ రాత్రి ఎంతమంది ఉన్నారో చెబుతుంది.

```
=COUNTIF(B4:AE4,"రా")
=COUNTIF(B$4:B$13,"రా")
```

రెండోదాన్ని 30 రోజులకూ లాగండి. మీరు చేసే నైట్ తప్ప ఎక్కడైనా 2 కాక వేరే అంకె కనిపిస్తే అక్కడ తప్పు ఉన్నట్టే. ‘రా’ పక్కన మరునాడు మార్నింగ్, ఈవినింగ్ ఏదైనా పడిందేమో మాత్రం కళ్ళతోనే చూసుకోవాలి.

కోరికలకు గడువు పెట్టండి. ప్రతి నెల 15వ తేదీలోగా చీటీ ఇవ్వాలి, మనిషికి మూడు తేదీలకు మించకూడదు. లిస్టు 22న గోడ మీదకు రావాలి, అప్పుడే రైలు టిక్కెట్లు, ఇంటి పనులు చూసుకుంటారు. 22 తరువాత మార్పులు కావాలంటే వాళ్ళలో వాళ్ళు మార్చుకోవచ్చు. ఇద్దరూ సంతకం చేయాలి, 12 గంటల విరామం చెడకూడదు, వరుస నైట్లు మూడు దాటకూడదు, ఇద్దరు కొత్తవాళ్ళు ఒక రాత్రి కలవకూడదు. నైట్ ఎవరు చేస్తే వాళ్ళ ఖాతాలో పడుతుంది. ఊరు దూరం కనుక నైట్లన్నీ ఒకేసారి చేసేసి వారం ఇంటికి వెళ్తానని హాస్టల్ పిల్లలే అడుగుతారు. ముచ్చటగానే ఉంటుంది, కాని ఒప్పుకోకండి. మూడు నైట్లు, నైట్ ఆఫ్, దాని వెంట రెండు ఆఫ్‌లు కలిపి ఇస్తే ఊరికి వెళ్ళి రావచ్చు.

ఎవరైనా చివరి నిమిషంలో రాకపోతే అందుబాటులో ఉన్న అమ్మాయిని పిలుస్తారు. ఆ అమ్మాయి ఎప్పుడూ హాస్టల్ పిల్లే అవుతుంది, ఆసుపత్రి వెనకే ఉంటుంది కనుక. ప్రతి రోజుకూ లిస్టులోనే ఒక పేరు కింద గీత గీసి ‘పిలిస్తే రావాలి’ అని ముందే చెప్పి ఉంచండి. ఆ గీతలు కూడా పదిమందికీ పంచండి. ఇంటి దగ్గర ఉండేవాళ్ళ పేర్లూ అందులో రావాలి. నైట్‌కు పిలవాల్సి వస్తే నైట్ వరుసలో ఉన్నవారినే పిలవాలి. పిలిస్తే వచ్చినవారికి అదే నెలలో ఆఫ్ తిరిగి ఇవ్వండి.

కొత్త పద్ధతి నిలుస్తోందా లేదా అన్నది మూడు నెలల్లో తెలుస్తుంది. సిక్ లీవులు ఏ రోజుల్లో పడుతున్నాయో చూడండి. ఒకే సిస్టర్ ప్రతిసారీ తన విడతలో మొదటి నైట్‌కే జ్వరమంటే ఆ మొదటి నైట్ ముందు రోజు ఏమి వేశారో చూడండి. ఒకే ఇద్దరి మధ్య మార్పిడి చీటీలు పెరిగితే వాళ్ళ తేదీలు ముందే తప్పుగా పడుతున్నాయని అర్థం. మందు తప్పులు, మందు తప్పబోయి ఆగినవి ఏ గంటకు జరిగాయో రాయించండి. మూడో నైట్ చివరి గంటల్లోనే అవి పోగుపడుతుంటే మూడులు తగ్గించి రెండులు పెంచండి.

చివరిగా, మీరు అడగనిది ఒకటి ఉంది. లిస్టు కన్నా అది తొందర. పైన వేసిన పంపకంలో డ్యూటీలు, నైట్ ఆఫ్‌లు, నాలుగేసి వీక్లీ ఆఫ్‌లు పోను నెలకు మిగిలేది అందరికీ కలిపి 27 రోజులు. సీఎల్‌లు, జ్వరాలు, పెళ్ళిళ్ళు అన్నీ అందులోంచే రావాలి. పదిమంది ఉన్నప్పుడు అది సరిపోతుంది. ఏడో నెల సిస్టర్‌కు మొదటి ఇద్దరు బిడ్డల్లో ఎవరి ప్రసవమైనా 26 వారాల సెలవు చట్టం ఇస్తుంది. అందులో ఎనిమిది వారాల దాకా ప్రసవానికి ముందే తీసుకోవచ్చు. అంటే ఆమె రేపో మాపో వెళ్ళవచ్చు. వెళ్ళిన రోజు నుంచి ఆమె చేసే 26 డ్యూటీలు మిగతావాళ్ళు పంచుకోవాలి. 27లోంచి 26 పోతే నెలకు మిగిలేది ఒక్క రోజు. ఇద్దరికి ఒకేసారి జ్వరం వస్తే ఎవరో ఒకరి నైట్ ఆఫ్‌లు ఎగిరిపోతాయి, మానేస్తామన్న ఇద్దరూ నిజంగానే మానేస్తారు.

ఈ వారమే ఈ అంకెలు ఒక అర కాగితం మీద రాసి యాజమాన్యానికి ఇవ్వండి. ‘పని భారం ఎక్కువగా ఉంది’ అని రాస్తే ఫైల్లో పెడతారు. ‘ఫలానా నెల నుంచి ఆరు నెలల పాటు 27కు బదులు ఒక్క రోజే మిగులుతుంది’ అని రాస్తే మాట్లాడటానికి పిలుస్తారు. ఆరు నెలలకు ఒక సిస్టర్‌ను తీసుకోమనండి. కొత్తగా వచ్చినామె మీ వార్డు తెలుసుకుని నైట్‌లో నిలబడటానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి గర్భిణి సిస్టర్ వెళ్ళే ముందే చేరాలి. కొత్త సిస్టర్ నైట్ల వరుసలోకి వచ్చిన నెల నుంచి 56 నైట్లను ఎనిమిది మంది పంచుకుంటారు, తలా ఏడే వస్తాయి. మానేస్తామంటున్న ఆ ఇద్దరితో ఈ అంకె చూపించి మాట్లాడండి.